మోటారు నడిచే సమయం రోజుకు గంటన్నర పెరిగింది: ఎక్కడో లీకవుతోందా, మోటారు అరిగిందా?

కార్యదర్శి_80
మాది ఎనభై ఫ్లాట్ల సముదాయం. సంపు నుంచి పై ట్యాంకుకు నీళ్లెక్కించే మూడు హార్స్‌పవర్ త్రీఫేజ్ మోటారు రెండు నెలల క్రితం వరకు రోజుకు సుమారు 3 గంటల 20 నిమిషాలు నడిచేది. ఇప్పుడు 4 గంటల 50 నిమిషాలు నడుస్తోంది. స్టార్టరుకు అవర్ మీటరు ఉంది. సంపులోనూ పై ట్యాంకులోనూ ఉన్న సెన్సార్లు పది నిమిషాలకొకసారి నీటిమట్టాన్ని నమోదు చేస్తాయి. లెక్కలన్నీ ఉన్నాయి గానీ వాటితో ఏం చేయాలో మా కమిటీలో ఎవరికీ తెలియదు. సగం మంది భూమిలో పైపు పగిలిందని, ఆవరణ తవ్వించాలని అంటున్నారు. మిగతా సగం మంది మోటారు పని అయిపోయిందని, కొత్తది కొనాలని అంటున్నారు. తవ్వించే ముందు గానీ కొనే ముందు గానీ ఈ లెక్కల్లో ఏది చూస్తే ఎవరి మాట నిజమో తేలుతుంది?

వైండింగ్‌చేయి
ముందు క్లాంప్ మీటరు పెట్టి కరెంటు చూడండి. పాడవుతున్న మోటారు ఎక్కువ ఆంపియర్లు లాగుతుంది. ఎక్కువ లాగుతుంటే మోటారుదే తప్పు, లాగకపోతే లీకేజీ. దీనికి మట్టాల లెక్కలన్నీ తిరగేయనవసరం లేదు.

మూడోఅంతస్తు
ఎండలు ముదిరితే వాడకం పెరగడం మామూలే కదా. పైగా ట్యాంకులో నీరు ఆవిరైపోతుంది. మీ దగ్గర కారు కడిగే వారి సంఖ్య కూడా ఒకసారి లెక్కపెట్టండి.

కొలబద్ద
మూతపెట్టిన ట్యాంకులో ఆవిరయ్యే నీరు ఈ లెక్కలో కనిపించనంత తక్కువ. పన్నెండు చదరపు మీటర్ల ట్యాంకుకు అసలు మూతే లేదనుకుని, రోజుకు అర సెంటీమీటరు ఆవిరైందనుకున్నా అది అరవై లీటర్లే. మూడు హార్స్‌పవర్ మోటారు దాన్ని అర నిమిషంలో ఎక్కించేస్తుంది.

అసలు విషయానికి వస్తే, మోటారు నడిచిన సమయం ఒక్కటే చూస్తే జబ్బు తెలియదు. పై ట్యాంకు నుంచి రోజంతా బయటికి పోయిన నీటిని మోటారు నిమిషానికి ఎక్కించే నీటితో భాగిస్తే వచ్చేది ఆ సమయం. పైన ఉన్న అంకె పెరిగినా, కింద ఉన్న అంకె తగ్గినా ఫలితం ఒక్కలాగే పెరుగుతుంది. మీ కమిటీలో ఇరువర్గాలూ ఒకే అంకెను చూపి వాదించుకోవడానికి కారణం ఇదే. ఆ రెంటినీ విడదీయాలంటే మోటారు ఆగి ఉన్నప్పుడు పై ట్యాంకు ఎంత వేగంగా తగ్గుతోందో ఒకసారి, మోటారు నడుస్తున్నప్పుడు రెండు ట్యాంకుల మట్టాలు ఎలా మారుతున్నాయో మరొకసారి చూడాలి. రెండూ వాడకం దాదాపు లేని వేళలో, అంటే రాత్రి ఒంటిగంటకూ అయిదింటికీ మధ్య చూడాలి.

రెండు ట్యాంకుల లోపలి పొడవు వెడల్పులు, ఇప్పటి ఒక రాత్రి లెక్క, సమయం పెరగకముందటి ఒక రాత్రి లెక్క ఇక్కడ పెట్టండి.

బోరునీళ్లు
మాకు సరిగ్గా ఇదే జరిగింది. మోటారు నడిచే సమయం క్రమంగా రెట్టింపయింది. మోటారు మార్చాం, ఏమీ తేడా రాలేదు. చివరికి చూస్తే బోరులో నీటి ఊటే తగ్గిపోయింది. మోటారు కాసేపు నీళ్లు, కాసేపు గాలి తోడేది. కాబట్టి మీరు కూడా బోరు లోతు చూపించుకోండి.

కొలబద్ద
బోరునీళ్లు గారు, మీది బోరులోంచి తోడే మోటారు. కార్యదర్శి గారు అడిగింది సంపు నుంచి పైకి ఎక్కించే మోటారు గురించి. సంపులో నీళ్లున్నంతసేపు బోరు ఊటతో దానికి పని లేదు. అయితే మీ అనుభవంలో ఒక మంచి గుర్తు ఉంది. గాలి తోడే మోటారు కరెంటు ఒకచోట నిలవదు. క్లాంప్ మీటరులో ముల్లు గానీ అంకె గానీ పడుతూ లేస్తూ ఉంటుంది. మీరు మోటారు మార్చేముందు అది చూసి ఉంటే బాగుండేది.

సంపుమూత
అన్నిటికంటే ముందు ఆ లెక్క నమ్మదగినదేనా అని అడగాలి. మా వాచ్‌మన్ రాసే రిజిస్టరులో మోటారు ప్రతిరోజూ సరిగ్గా ఆరింటికి మొదలై సరిగ్గా ఏడింటికి ఆగేది. నెల మొత్తం ఒకే పెన్ను, ఒకే దస్తూరి, ఒకే వాలు. కరెంటు లేని రోజు కూడా మా మోటారు క్రమశిక్షణ తప్పలేదు.

కార్యదర్శి_80
సంపుమూత గారు, మాది చేత్తో రాసింది కాదు, అవర్ మీటరు కాంటాక్టరుకు కలిపి ఉంది.

కొలబద్ద గారు అడిగిన వివరాలు ఇవి. పై ట్యాంకు లోపలి కొలత 4 మీటర్లు, 3 మీటర్లు. సంపు 6 మీటర్లు, 4 మీటర్లు. రెండూ నిలువు గోడలవే. నిన్న రాత్రి 1 గంటకు పై ట్యాంకు మట్టం 142 సెంటీమీటర్లు, 4 గంటలకు 130. ఆ మధ్యలో మోటారు నడవలేదు. 4 గంటలకు మోటారు వేయించాను. 4:30కి పై ట్యాంకు 170కి చేరింది, అదే అరగంటలో సంపు 21 సెంటీమీటర్లు తగ్గింది. ఆ సమయంలో సంపులోకి నీళ్లు రాకుండా వాల్వు కట్టేయించాను.

పాత లెక్కలో అదే మూడు గంటల్లో పై ట్యాంకు 3 సెంటీమీటర్లు తగ్గింది. అరగంట మోటారు నడిస్తే 50 సెంటీమీటర్ల దాకా పెరిగేది. అప్పటి సంపు మట్టం కూడా దాదాపు ఇంతే.

కొలబద్ద
సంపులోకి వచ్చే వాల్వు కట్టేయించడం చాలా మంచి పని. అది తెరిచి ఉంటే సంపు మట్టం దేనికీ పనికిరాదు.

పై ట్యాంకు పన్నెండు చదరపు మీటర్లు కాబట్టి ఒక సెంటీమీటరు అంటే 120 లీటర్లు. సంపులో ఒక సెంటీమీటరు అంటే 240 లీటర్లు. ముందుగా మోటారు ఆగి ఉన్న మూడు గంటలు తీసుకుందాం. 12 సెంటీమీటర్లు తగ్గిందంటే 1,440 లీటర్లు, అంటే గంటకు 480. పాత రోజుల్లో 3 సెంటీమీటర్లు, గంటకు 120. కాబట్టి ఇదివరకు లేని 360 లీటర్లు ఇప్పుడు గంటగంటకూ ఎటో పోతున్నాయి. ఇదే వేగంతో పగలంతా కూడా పోతుంటే రోజుకు 8,640 లీటర్లు. మోటారు ఆగి ఉన్నప్పటి మాట కాబట్టి ఇందులో మోటారు ప్రమేయం లేదు. లీకేజీ వర్గం వారికి ఇది సగం విజయం.

ఇక మోటారు నడిచిన అరగంట. పై ట్యాంకులో 40 సెంటీమీటర్లు పెరిగిందంటే 4,800 లీటర్లు నిలిచాయి. ఆ అరగంటలో కిందికి పోయిన 240 లీటర్లు కూడా మోటారు ఎక్కించినవే కాబట్టి కలపాలి. మొత్తం 5,040, అంటే నిమిషానికి 168 లీటర్లు. పాత లెక్క ఇలాగే చేస్తే దాదాపు 200 వస్తుంది. మోటారు ఎక్కించే నీరు ఆరో వంతు తగ్గింది. మోటారు వర్గం వారు కూడా సగం గెలిచారు.

ఇప్పుడు సంపు చూడండి. 21 సెంటీమీటర్లంటే 5,040 లీటర్లు. సంపు నుంచి బయల్దేరిన నీరూ పైకి చేరిన నీరూ సరిపోయాయి. కాబట్టి సంపుకూ పై ట్యాంకుకూ మధ్య ఉన్న డెలివరీ పైపు, మీరు తవ్వించాలనుకుంటున్నది అదే అయితే, లీకు కావడం లేదు. అది పగిలి ఉంటే సంపు ఎక్కువ తగ్గేది, పైకి తక్కువ చేరేది. సెన్సారు ఒక సెంటీమీటరు అటూ ఇటూ చూపినా సంపులో 240 లీటర్ల తేడా వస్తుంది కాబట్టి చిన్న చెమ్మను ఈ పరీక్ష పట్టలేదు. కానీ ఆవరణ తవ్వాల్సినంత లీకేజీని మాత్రం పడుతుంది.

చివరగా మొత్తం కలిపి సరిచూద్దాం. పాత వాడకం 200 నిమిషాలకు 40,000 లీటర్లు. దానికి 8,640 కలిపితే 48,640. దాన్ని 168తో భాగిస్తే 290 నిమిషాలకు ఒక్క అర నిమిషం తక్కువ. మీ అవర్ మీటరు చెప్పిన 4 గంటల 50 నిమిషాలు అదే.

మూడోఅంతస్తు
లెక్క అంత చక్కగా కుదిరితే నాకు అనుమానం వస్తుంది. రాత్రిపూట నీళ్లు వాడేవారు ఉండరా? రాత్రి పాళీ ఉద్యోగులు, పసిపిల్లల తల్లులు, అర్ధరాత్రి వాషింగ్ మెషీన్ వేసేవారు మా దగ్గరే చాలామంది ఉన్నారు. 480 లీటర్లను లీకేజీ అని ఎలా తేల్చారు?

రాత్రిపాళీ
నేను రెండింటికి ఇంటికి వచ్చి స్నానం చేస్తాను. నన్ను లీకేజీ ఖాతాలో రాయకండి.

కొలబద్ద
న్యాయమైన ప్రశ్న. మొత్తం అంకెను కాకుండా అది తగ్గిన తీరును చూడాలి. మనుషుల వాడకం మెట్లు మెట్లుగా ఉంటుంది. కాసేపు కదలదు, ఉన్నట్టుండి రెండు సెంటీమీటర్లు దిగుతుంది, మళ్లీ ఆగుతుంది. ఆ మెట్టు ఒక రాత్రి రెండింటికి పడితే మరో రాత్రి మూడింటికి పడుతుంది. లీకేజీకి నిద్ర ఉండదు, ఒకే వాలులో పోతూ ఉంటుంది. కార్యదర్శి గారు, పది నిమిషాల అంకెలు వరుసగా పెట్టగలరా?

కార్యదర్శి_80
ఒంటిగంట నుంచి 142, 141, 141, 140, 139, 139, 138, 137, 137, 136. అలాగే నాలుగింటి దాకా, అరగంటకు రెండు చొప్పున దిగింది. అంతకుముందు నాలుగైదు రాత్రులు కూడా చూశాను, వాలు ఇదే.

రాత్రిపాళీ
రెండింటికి ప్రత్యేకంగా మెట్టేమీ కనిపించడం లేదు. నిన్న నాకు సెలవు, దాన్ని సాక్ష్యంగా నమోదు చేయండి.

వైండింగ్‌చేయి
కరెంటు సంగతి ఇంకా ఎవరూ చెప్పలేదు. అది చూడకుండా మోటారును దోషిని చేయడం అన్యాయం.

కార్యదర్శి_80
ఈ రోజు ఎలక్ట్రీషియన్‌తో చూపించాను. మూడు ఫేజులలోనూ 4.2 ఆంపియర్లు. మోటారు బిగించిన కొత్తలో 4.7 అని స్టార్టరు తలుపు లోపల రాసి ఉంది. వోల్టేజీ అప్పుడూ ఇప్పుడూ 410 దగ్గరే.

వైండింగ్‌చేయి
చూశారా, తగ్గింది. మోటారు చక్కగా ఉంది. సెన్సారు తప్పు చూపుతోంది.

పాతపంపు
వైండింగ్‌చేయి గారి మాటలో సగం నిజం ఉంది. బేరింగు బిగుసుకుపోతున్నా, వైండింగులో లోపం ఉన్నా, వోల్టేజీ పడిపోయినా కరెంటు పెరుగుతుంది. ఇక్కడ అది పెరగలేదు, మూడు ఫేజులూ సమానంగా ఉన్నాయి. అంటే మోటారు భాగం బాగానే ఉందని మనమూ ఒప్పుకుంటున్నాం. కానీ నీటిని తోసేది పంపు భాగం. ఇలాంటి సెంట్రిఫ్యూగల్ పంపు తక్కువ నీటిని తోస్తే మోటారు మీద భారం తగ్గి, కరెంటు కూడా తగ్గుతుంది. నమ్మకం కుదరకపోతే డెలివరీ వాల్వును కొద్దిగా మూసి క్లాంప్ మీటరు చూడండి. మూస్తున్నకొద్దీ అంకె దిగుతుంది. వోల్టేజీ మారకుండా 4.7 కాస్తా 4.2 అయిందంటే, తక్కువ నీరు కదులుతోందని సెన్సారుతో సంబంధం లేకుండా ఇంకో సాక్ష్యం దొరికినట్టే.

ఎందుకు తక్కువ కదులుతోందన్నది వేరే ప్రశ్న. పంపులో తిరుగుతూ నీటిని తోసే చక్రం, అంటే ఇంపెల్లర్, అరిగి ఉండవచ్చు, లేదా పీల్చుకునే వైపు అడ్డు పడి ఉండవచ్చు. డెలివరీ వైపు ప్రెషర్ గేజీ ఉంటే దీన్ని విడదీయడానికి ఒక ఉపాయం ఉంది. పంపు నడుస్తుండగా డెలివరీ వాల్వును పూర్తిగా మూసి, గేజీ చూసి, వెంటనే తెరవండి. నిమిషంలోపే ముగించాలి, ఎక్కువసేపు ఉంచితే లోపలి నీరు వేడెక్కి సీలు పాడవుతుంది. నీరు కదలనప్పుడు, సంపులో పీల్చే పైపు చివర ఉండే ఫుట్ వాల్వు జాలీకి చెత్త పట్టినా అది అడ్డు కాదు, ప్రెషరు కొత్త పంపులాగే వస్తుంది. ఇంపెల్లర్ బాగా అరిగి ఉంటే ఆ ప్రెషరు కూడా రాదు.

కార్యదర్శి_80
గేజీ ఉంది. పంపుతో వచ్చిన పత్రంలో నీరు కదలనప్పటి హెడ్, అంటే పంపు నీటిని ఎత్తగల ఎత్తు, 34 మీటర్లు అని ఉంది. మూసి చూస్తే గేజీ 3.2 కిలోలు చూపింది. పంపు నేల మీద ఉంది, సంపులో నీరు దానికి రెండు మీటర్ల కింద ఉంది.

పాతపంపు
ఒక కిలో అంటే పది మీటర్లు. 3.2 అంటే 32, కింద నుంచి పైకి లాగిన 2 కలిపితే 34. మీ ఇంపెల్లర్ మీద నాకు అనుమానం పోయింది. ఫుట్ వాల్వు పైకి తీయించండి.

కొలబద్ద
ఇక్కడ పాతపంపు గారితో పూర్తిగా ఏకీభవించలేను. ఇంపెల్లర్ దగ్గర నీరు వెనక్కి జారకుండా ఆపే వేర్ రింగు కొద్దిగా అరిగితే మూసినప్పటి ప్రెషరులో పెద్ద తేడా కనబడకుండానే నీరు కొంత తగ్గవచ్చు. పైగా మామూలు గేజీ ముల్లుకు అంత నిక్కచ్చితనం ఉండదు. ముందు ఫుట్ వాల్వే తీయాలన్నది మాత్రం సరైన సలహా. అది తక్కువ పని.

సంపుమూత
తీసేటప్పుడు నాన్‌రిటర్న్ వాల్వు కూడా చూడండి. మాకు అది కారుతుండేది. డెలివరీ పైపు పై ట్యాంకులో నీటి పైనుంచి పడుతుంది కాబట్టి ట్యాంకు మట్టం తగ్గేది కాదు, పైపులో నిలిచిన నీరు మాత్రమే సంపులోకి దిగిపోయేది. లెక్కలో అది ఎలా కనిపించిందంటే, మోటారు వేసిన తర్వాత మట్టం పెరగడం ఆలస్యంగా మొదలయ్యేది.

కార్యదర్శి_80
మాకు ఆ ఆలస్యం కనిపించలేదు. ఇక ఆ 360 లీటర్లను ఎక్కడ వెతకాలి? పై ట్యాంకు నుంచి నాలుగు డౌన్ లైన్లు దిగుతాయి, ఒక్కోదానికి పైన వాల్వు ఉంది.

కొలబద్ద
రాత్రిపూట ఒక్కో లైను వాల్వు మూసి, ట్యాంకు తగ్గే వాలు ఎంత మారిందో చూడండి. అయితే పది నిమిషాలు మూసి తేల్చేయకండి. గంటకు 4 సెంటీమీటర్లే తగ్గుతున్నప్పుడు, సెంటీమీటరు కన్నా సన్నగా చూపలేని సెన్సారుకు కనీసం గంట సమయం ఇవ్వాలి. ఒక రాత్రికి రెండు లైన్లు చాలు. ఆ లైను మీద ఉన్న ఇళ్లకు ముందే చెప్పండి. మళ్లీ తెరిచేటప్పుడు మెల్లగా తెరవండి, లేకపోతే పైపులో గాలి నిలిచి పై అంతస్తులకు నీరు సరిగా రాదు. పాత వాల్వు పూర్తిగా మూసుకోదు కూడా, కాబట్టి కింద ఒక కుళాయి విప్పి ధార ఆగిందో లేదో చూశాకే లెక్క మొదలుపెట్టండి.

కార్యదర్శి_80
రెండు పనులూ అయ్యాయి. ఫుట్ వాల్వు తీస్తే జాలీలో మూడు వంతులకు పైగా కొబ్బరిపీచులాంటి నారా, ప్లాస్టిక్ సంచి ముక్కా, బంకమట్టీ పట్టుకుని ఉన్నాయి. కడిగి పెట్టాక అదే అరగంట పరీక్షలో నిమిషానికి 190 లీటర్లు వస్తున్నాయి. పాత 200 మాత్రం రాలేదు.

మూడో లైను మూసినప్పుడు గంటకు 4 సెంటీమీటర్లు తగ్గేది ఒకటిన్నరకు దిగింది. ఆ లైనులో ఒక్కో ఫ్లాటు బయటి వాల్వు మూస్తూ పోతే, నెలల తరబడి తాళం వేసి ఉన్న ఇంట్లో ఫ్లష్ ట్యాంకు ఆగకుండా కమోడులోకి కారుతున్నట్టు తేలింది. నేల తడవదు, గోడ చెమ్మగిల్లదు, మీటరు లేదు, ఎవరికి తెలుస్తుంది?

రాత్రిపాళీ
ఊళ్లో లేని మనిషి మీ సముదాయంలో అందరికంటే ఎక్కువ నీళ్లు వాడాడన్నమాట.

మూడోఅంతస్తు
రోజుకు దాదాపు ఏడు వేల లీటర్లు. కారు కడిగేవారికి నా క్షమాపణలు.

సంపుమూత
ఇకమీదట ఇది ముందే తెలియాలంటే ఏ అంకెకు హెచ్చరిక పెట్టాలి? నడిచే సమయానికి పెడితే పండగ రోజున కూడా మోగుతుంది.

కొలబద్ద
నడిచే సమయానికి పెట్టకండి. ఒక పట్టికలో రాత్రి తగ్గుదలకు ఒక నిలువు వరుస, అరగంట పెరుగుదలకు ఒక నిలువు వరుస పెట్టుకుంటే చాలు. B లో 1 గంట మట్టం, C లో 4 గంటల మట్టం, D లో 4:30 మట్టం వేసుకుంటే, మొదటి సూత్రం గంటకు పోయే లీటర్లను, రెండోది మోటారు నిమిషానికి ఎక్కించే లీటర్లను ఇస్తుంది.

```
=(B2-C2)*120/3
=((D2-C2)*120+(B2-C2)*120/6)/30
```

మూడు రాత్రులు వరుసగా మొదటి అంకె 250 దాటినా, రెండోది 175 కంటే దిగినా మనిషిని పంపండి. ఒక్క రాత్రికే పరుగెత్తకండి. ట్యాంకు మూత కింద సెన్సారు మీద తేమ బొట్లు పట్టినా అంకె గంతులు వేస్తుంది. సంపు బాగా అడుగంటిన రాత్రి పంపు మరింత లోతు నుంచి లాగాలి కాబట్టి రెండో అంకె కొద్దిగా తగ్గుతుంది, దాన్ని అరుగుదలగా లెక్కించకండి.

వైండింగ్‌చేయి
మిగిలిన పది లీటర్లు బేరింగు వల్లే. విప్పి చూడండి, నా మాట గుర్తొస్తుంది.

పాతపంపు
బేరింగు అయితే కరెంటు పెరగాలి. కడిగిన తర్వాత ఎంత ఉంది?

కార్యదర్శి_80
4.6. మోటారు ఇప్పుడు రోజుకు 3 గంటల 40 నిమిషాల దగ్గర నడుస్తోంది. కొత్త మోటారు తీర్మానాన్ని వాయిదా వేశాం. రాత్రి తగ్గుదల ఇంకా గంటకు 180 లీటర్లుంది, పాత 120 కంటే 60 ఎక్కువ. మిగతా మూడు లైన్లు మూసి చూసినా తేడా సెన్సారుకు అందడం లేదు. ఇంత చిన్నదాన్ని పట్టే మార్గం ఏదైనా ఉందా?

కొలబద్ద
గంటకు అర సెంటీమీటరు అది. ట్యాంకు గోడకు మిల్లీమీటర్ల స్కేలు అంటించి, టార్చితో ఒక్కో లైనుకు రెండు గంటల చొప్పున చదివించగలిగితే పట్టవచ్చు. వాచ్‌మన్ చేత కాదు, మీరే చదవండి.